ఆదివారం పొద్దున మొహం ఎందుకు ఉబ్బుతుంది?

"పొద్దున లేచేసరికి మొహం ఉబ్బిపోతోంది, కళ్ళు సగం మూసుకుపోయినట్టు ఉంటున్నాయి, ఏం చెయ్యాలి?" అని మనలో ఎవరో ఒకరు అప్పుడప్పుడూ అడుగుతూనే ఉంటారు. అడిగిన ఐదు నిమిషాల్లో సలహాలు వచ్చేస్తాయి. ఫ్రిజ్‌లో పెట్టిన చెంచాలు, కీరా ముక్కలు, పచ్చి బంగాళాదుంప చక్రాలు, ఐసు నీళ్ళలో మొహం ముంచడం. చల్లదనం వల్ల రక్తనాళాలు కాస్త ముడుచుకుని, ఓ అరగంట మొహం తేటగా కనిపిస్తుంది. అంతవరకు అవి అబద్ధం కాదు. కానీ అవన్నీ పొద్దున చేసే పనులు. మొహం ఉబ్బడానికి కారణం ముందు రోజు రాత్రి ఉంటుంది. అందుకే ఈసారి నేను రాత్రి గురించి రాస్తున్నాను.

నేను ఇక్కడ డాలస్ దగ్గర ఒక డయాలసిస్ సెంటర్లో డైటీషియన్‌గా పని చేస్తున్నాను. నా రోజులో సగం ఉప్పూ నీళ్ళ లెక్కలతోనే గడుస్తుంది. కిడ్నీలు పని చెయ్యని మనిషి శనివారం ఆవకాయ తింటే సోమవారం తూకంలో అది కనబడుతుంది. "నేను ఉప్పు తినలేదమ్మా, నీళ్ళే కాస్త ఎక్కువ తాగాను" అంటారు. నీళ్ళు ఎందుకు ఎక్కువ తాగాల్సి వచ్చింది అంటే జవాబు ఉండదు. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగుతాడని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. కిడ్నీలు బాగా ఉన్న మనకి కూడా జరిగేది అదే. కాకపోతే మన కిడ్నీలు ఒకటి రెండు రోజుల్లో ఆ లెక్క సరిచేసేస్తాయి. సరిచేసేలోపు ఉండే ఆ ఒక్క పొద్దునే మనం అద్దంలో చూసేది.

నాకు అక్కలాంటి ఆవిడ ఒకరు ఫ్రిస్కోలో ఉంటారు. వయసు నలభై ఆరు. వాళ్ళమ్మగారు తెనాలిలో ఉంటారు. ప్రతి ఆదివారం పొద్దున ఏడున్నరకి, అంటే అక్కడ సాయంత్రం ఆరింటికి, ఇద్దరూ వీడియో కాల్ మాట్లాడుకుంటారు. పోయిన వేసవి నుంచి ఆ కాల్‌లో మొదటి మాట ఒకటే: "మొహం ఏంటే అలా పొంగింది? ఒంట్లో బాగానే ఉందా?" అమ్మగారి భయానికి కారణం ఉంది. ఆవిడ చెల్లెలికి, అంటే మా అక్కకి పిన్నిగారికి, కిడ్నీ జబ్బు మొదలైంది సరిగ్గా ఇలాగే. పొద్దున కళ్ళ కింద వాపు. నిద్ర చాలక అనుకున్నారు, ఎండ అనుకున్నారు, ఆరు నెలలు పోయాక పరీక్ష చేయించారు. అప్పటికే ఆలస్యమైంది. ఆవిడ ఇప్పుడు లేరు. అందుకని అమ్మగారు ప్రతి ఆదివారం కూతురి మొహంలో చెల్లెలి మొహం చూస్తున్నారు. అక్కేమో కాల్‌కి ముందు బాత్రూంలో ఐసు ముక్కలతో కుస్తీ పడుతోంది.

అక్క నాకు ఫోన్ చేసినప్పుడు రెండు పనులు చెప్పాను. మొదటిది, డాక్టర్ దగ్గరికి వెళ్ళి మూత్రంలో ప్రోటీన్ పోతోందేమో చూసే పరీక్ష, రక్తంలో క్రియాటినిన్, థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్, బీపీ చూపించుకోమన్నాను. ఇంట్లో అలాంటి చరిత్ర ఉన్నప్పుడు ముందు అదే చెయ్యాలి, వంటింటి లెక్కలు తర్వాత. అన్నీ మామూలుగా వచ్చాయి. రెండోది, వారంలో ఏయే రోజు మొహం ఉబ్బుతోందో రాసిపెట్టమన్నాను. మూడు రోజుల తర్వాత మెసేజ్ పెట్టింది: "అమ్మలూ, అసలు ఆదివారం తప్ప ఉబ్బట్లేదు!"

సగం సంగతి అక్కడే తెలిసిపోయింది. కిడ్నీ జబ్బు వారాలు చూసి రాదు. శనివారం రాత్రి అయితే ప్రతి వారం వస్తుంది. వాళ్ళు నాలుగు కుటుంబాలు, వారానికి ఒకరింట్లో పాట్‌లక్. తొమ్మిదిన్నరకి భోజనాలు, ఆ తర్వాత కబుర్లు, పడుకునేసరికి ఒంటిగంట.

ఇక రాత్రి ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. పగలంతా మనం నిలబడో కూర్చునో ఉంటాం కాబట్టి ఒంట్లోని నీరు కొంత కాళ్ళలోకి దిగుతుంది. సాయంత్రానికి సాక్సు గుర్తులు పడేది అందుకే. పడుకోగానే ఆ నీరు వెనక్కి మళ్ళి ఒళ్ళంతా సర్దుకుంటుంది, మొహానికి కూడా దాని వాటా చేరుతుంది. కనురెప్పల చర్మం ఒంట్లో అన్నిచోట్ల కంటే పలుచన. దాని కింద కణజాలం వదులుగా, స్పాంజిలా ఉంటుంది. అరచేతిలోనో పాదం కిందో చేరినా తెలియనంత నీరు అక్కడ చేరితే చాలు, కళ్ళు చిన్నవైపోతాయి. లేచి తిరగడం మొదలుపెట్టాక ఆ నీరు మళ్ళీ కిందికి దిగుతుంది. మామూలు వాపు గంటా రెండు గంటల్లో తగ్గడం మొదలై, మధ్యాహ్నానికి పోతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో దీనితో పని ఉంది.

అంటే రాత్రి పడుకున్న ప్రతి మనిషికీ మొహంలోకి కాస్త నీరు వస్తుంది. అది అద్దంలో తెలిసేంత అయ్యేది ఒంట్లో ఉన్న నీరే ఎక్కువైనప్పుడు. ఆ నీటిని పట్టి ఉంచేది ఉప్పు.

దీనికి మనందరికీ తెలిసిన ఒక కొలత ఉంది, సెలైన్ బాటిల్. లీటరు నీళ్ళలో 9 గ్రాముల ఉప్పు. మన రక్తంలోనూ, కణాల బయట ఉండే నీటిలోనూ ఉప్పదనం దాదాపు అంతే ఉండాలి. అందుకే నరంలోకి అదే ఎక్కిస్తారు. మీరు నోటితో 9 గ్రాముల ఉప్పు తిన్నా, అది ఒంట్లో ఉన్నంతసేపు తన వంతు నీటిని, అంటే లీటరు దాకా, తనతో ఉంచుకోవాలని చూస్తుంది. అందుకు దాహం వేయిస్తుంది, మూత్రం తగ్గిస్తుంది. కిడ్నీలు ఊరుకోవు, ఉప్పును పంపించడం మొదలుపెడతాయి. కానీ రాత్రిపూట అవి పగటికంటే నెమ్మదిగా పని చేస్తాయి. అందుకని మధ్యాహ్నం తిన్న ఉప్పుకంటే రాత్రి తొమ్మిదిన్నరకి తిన్న ఉప్పు పొద్దున మొహంలో ఎక్కువ కనబడుతుంది.

9 గ్రాములంటే ఎంత? ఒకటిన్నర టీస్పూన్లు. "ఒక్క పూటలో అంత ఉప్పు ఎవరు తింటారు?" అని అక్క కూడా అంది. అయితే రా, ప్లేటు లెక్క వేద్దాం అన్నాను. ఇక్కడ ప్యాకెట్ల మీద ఉప్పు అని రాయరు, సోడియం అని మిల్లీగ్రాముల్లో రాస్తారు. ఒక టీస్పూన్ ఉప్పులో సుమారు 2,300 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. పెద్దవాళ్ళు రోజు మొత్తానికి దాటకూడదని అమెరికాలో చెప్పే హద్దు కూడా అదే. ఆ శనివారం అక్క ప్లేటులో ఉన్నవి ఇవి. భోజనానికి ముందు రెండు గుప్పెళ్ళ మిక్చరు, చిప్సు: 400. రెండు గారెలు: 300. కప్పు పులిహోర: 500. గుత్తివంకాయ కూర: 400. కప్పు సాంబారు: 650. రెండు అప్పడాలు: 400. ఆవకాయ ఒక టేబుల్ స్పూన్: 600. చివర్లో ఉప్పు కలిపిన పెరుగన్నం: 300. ఇవి ప్యాకెట్ల మీదా, మా ఇంటి వంట కొలతల్లోనూ చూసి వేసిన ఉజ్జాయింపు లెక్కలు, మీ ఇంట్లో కాస్త అటూ ఇటూ ఉంటాయి. కూడితే 3,550. దాదాపు ఒక లీటరు సెలైన్ బాటిల్లో ఉన్నంత ఉప్పు, అదీ ఒక్క భోజనంలో.

ఇందులో ఏ ఒక్కటీ "ఉప్పగా" లేదు చూడండి. మనం అన్నంలో ఉప్పు వెయ్యం. చప్పిడి అన్నాన్ని లాక్కెళ్ళాలి కాబట్టి కూరలోనూ పచ్చడిలోనూ వేస్తాం. మామూలు రోజు ఒక కూర, ఒక పప్పు, కాస్త పెరుగు. పాట్‌లక్ రోజు నాలుగిళ్ళ వంటలు, అన్నీ ఒక్కో గరిటె, అన్నిటిలోనూ ఉప్పు. ఏదీ ఎక్కువ తినలేదు అనిపిస్తుంది, నిజమే. రకాలే ఎక్కువ.

అలాగే హిమాలయన్ ఉప్పు వాడుతున్నాం, సైంధవ లవణం వాడుతున్నాం, మాకు ఇబ్బంది లేదు అనే వాళ్ళకి ఒక మాట. గ్రాముకి గ్రాము తూస్తే వాటిలో సోడియం మామూలు ఉప్పులో ఉన్నంతే ఉంటుంది. కోషర్ ఉప్పు పలుకులు పెద్దవి కాబట్టి చెంచాలో తక్కువ పడుతుంది, అందుకని తక్కువ ఉప్పగా అనిపిస్తుంది, అంతే. "లో సోడియం" అని అమ్మే కొన్ని ఉప్పుల్లో పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. కిడ్నీ జబ్బున్న వాళ్ళు, కొన్ని రకాల బీపీ మందులు వాడే వాళ్ళు డాక్టర్‌ని అడగకుండా అది ముట్టుకోకూడదు. రక్తంలో పొటాషియం పెరిగితే గుండెకే ప్రమాదం.

తర్వాత అక్కా నేనూ కలిసి నాలుగు శనివారాల ఏర్పాటు ఒకటి చేసుకున్నాం. ఒక్కో వారం ఒక్కటే మార్చాలి. ఆదివారం లేవగానే బాత్రూం పనయ్యాక తూకం చూడాలి, కిటికీ దగ్గర ఒకే చోట నిలబడి ఒక ఫోటో తియ్యాలి, పది గంటలకి అక్కడే ఇంకో ఫోటో. వేలి ఉంగరం తిరుగుతోందా, బిగిసిందా అన్నది కూడా రాయాలి. ఉంగరం మంచి సాక్షి, లైటింగ్‌ని బట్టి మారదు.

మొదటి వారం ఏమీ మార్చలేదు. ఆదివారం పొద్దున తూకం శుక్రవారం కంటే రెండు పౌండ్లు ఎక్కువ, ఉంగరం కదల్లేదు, కళ్ళు సగమే తెరుచుకున్నాయి. ఆ రెండు పౌండ్లలో కొంత కడుపులో ఉన్న తిండి బరువే, అంతా నీరు కాదు, కొవ్వు అయితే అసలే కాదు. మంగళవారం పొద్దుటికి తూకం మళ్ళీ మామూలు. ఒక్క రాత్రిలో పెరిగి రెండు రోజుల్లో ఏమీ చెయ్యకుండానే తగ్గిన బరువు చూసి కంగారు పడకండి, ఉపవాసాలూ మొదలుపెట్టకండి.

రెండో వారం అన్నీ అలాగే ఉంచి ఉప్పు మాత్రం తగ్గించింది. మిక్చరు ముట్టలేదు, ఆవకాయ, అప్పడం వద్దంది, సాంబారు అర కప్పు, పెరుగన్నంలో ఉప్పు లేదు. పులిహోర, గారెలు, కూర మామూలే. లెక్క 1,500 దగ్గరికి వచ్చింది. పడుకున్నది ఒంటిగంటకే, ఒక గ్లాసు వైన్ ఎప్పటిలాగే. ఆదివారం ఉంగరం తిరిగింది. కళ్ళ కింద కాస్త ఉంది, కానీ పది గంటల ఫోటోలో అది కూడా లేదు. అమ్మగారు ఆ రోజు మొహం మాటే ఎత్తలేదట, పక్కింటి వాళ్ళ పెళ్ళి కబుర్లు మొదలుపెట్టారట.

ఈ మధ్యలో నీళ్ళ సంగతి కూడా తేల్చాం. "రాత్రి నీళ్ళు తాగి పడుకుంటే మొహం ఉబ్బుతుంది" అని చాలామంది ఇళ్ళల్లో అంటారు. అందుకని దాహం వేసినా తాగకుండా పడుకునే వాళ్ళు ఉన్నారు. ఆరోగ్యంగా ఉన్న మనిషి వట్టి నీళ్ళు ఎక్కువ తాగితే కిడ్నీలు కొన్ని గంటల్లో వాటిని బయటికి పంపించేస్తాయి. నీళ్ళని పట్టుకుని కూర్చోబెట్టడానికి లోపల అదనపు ఉప్పు ఉండాలి. అక్క మామూలు ఇంటి భోజనం చేసిన రెండు రోజులు పడుకునే ముందు రెండేసి గ్లాసుల నీళ్ళు తాగి చూసింది. మొహం ఉబ్బలేదు. కానీ రాత్రి రెండేసి సార్లు లేవాల్సి వచ్చింది, నిద్ర చెడింది.

దీనికి తలకిందులుగా ఇంకో నమ్మకం ఉంది. ఉప్పు తిన్నాం కాబట్టి రెండు లీటర్ల నీళ్ళు తాగితే కడుక్కుపోతుందని. అలా కడుక్కుపోదు. ఉప్పు ఎంత వేగంగా పోవాలో కిడ్నీలు తమ లెక్క ప్రకారం నిర్ణయించుకుంటాయి, పైనుంచి నీళ్ళు పోసి తొందరపెట్టలేం. ఉప్పు తిన్న రాత్రి దాహం వేస్తుంది, దాహానికి సరిపడా తాగండి, అంతే. ఆ దాహాన్ని ఆపుకున్నా ఉప్పు ఎక్కడికీ పోదు, నోరు ఎండడం తప్ప. గుండె జబ్బో కిడ్నీ జబ్బో ఉండి డాక్టర్ నీళ్ళకి హద్దు పెట్టిన వాళ్ళకి మాత్రం ఆ హద్దే లెక్క, ఇక్కడ రాసింది కాదు.

మూడో వారం ప్లేటు మళ్ళీ పాత ప్లేటే, వైన్ మాత్రం మానేసింది. వైన్ సంగతి మనలో కొందరు తాగరు, కొందరు తాగుతారు, కొందరు తాగినా చెప్పరు. నేను తీర్పులు చెప్పడానికి రాలేదు, ఒంట్లో ఏం జరుగుతుందో చెబుతాను. మద్యం ఉప్పులాగా నీటిని పట్టుకోదు. మొదట అది నీటిని వదిలించేస్తుంది. మూత్రం తగ్గించమని కిడ్నీలకి చెప్పే హార్మోన్‌ని అణిచేస్తుంది కాబట్టి మామూలు కంటే ఎక్కువ మూత్రం వస్తుంది. 1942లో గ్రేస్ ఎగిల్‌టన్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త దీన్ని కొలిచారు. ఒక గ్రాము ఆల్కహాల్‌కి సుమారు 10 మిల్లీలీటర్ల అదనపు మూత్రం వచ్చింది. అమెరికాలో ఒక డ్రింక్ అంటే 14 గ్రాముల ఆల్కహాల్, వైన్ అయితే 5 ఔన్సులు. అంటే ఒక టీ కప్పు నీళ్ళు పోయినట్టు. అయితే అది రక్తంలో ఆల్కహాల్ పెరుగుతున్నంతసేపే. తగ్గడం మొదలయ్యాక ఆ హార్మోన్ మళ్ళీ పనిలోకి దిగుతుంది. దాహం వేస్తుంది, నీళ్ళు తాగుతాం, పక్కనే మిక్చరు తాలూకు ఉప్పు సిద్ధంగా ఉంటుంది. పైగా మద్యం మొహంలో రక్తనాళాల్ని వెడల్పు చేస్తుంది, అందుకే బుగ్గలూ కళ్ళూ ఎర్రబడతాయి. త్వరగా నిద్ర పట్టిస్తుంది, కానీ తెల్లవారుజాము నిద్రని ముక్కలు చేస్తుంది.

మూడో ఆదివారం అక్క మొహం చూస్తే వాపు మొదటి వారం కంటే కొంచెమే తక్కువ. ఉంగరం బిగుతుగానే ఉంది. కళ్ళలో ఎరుపు మాత్రం లేదు. ఆవిడ తాగేది ఒక్క గ్లాసు కాబట్టి మానినా పెద్ద తేడా రాలేదు. మూడు నాలుగు గ్లాసులు తాగే వాళ్ళకి, ఉప్పు పూసిన గ్లాసులో మార్గరీటా తాగే వాళ్ళకి లెక్క వేరుగా ఉంటుంది. ఇంట్లో వైన్ పోసుకునే పెద్ద గ్లాసు ఒక్కటే అయినా అందులో ఒకటిన్నర డ్రింకులు పట్టొచ్చు, అది కూడా ఒకసారి కొలిచి చూసుకోండి.

నాలుగో వారం ఉప్పు తక్కువ ప్లేటుతో పాటు నిద్ర మార్చాం. పదకొండుకల్లా ఇంటికొచ్చి పడుకుంది. మంచం తల వైపు వెడ్జ్ పిల్లో పెట్టింది, అంటే ఏటవాలుగా ఉండే దిండు. రెండు మామూలు దిళ్ళు పెడితే మెడ మాత్రం వంగుతుంది, భుజాలతో సహా పైకి లేవాలి. బోర్లా పడుకునే అలవాటు మానమన్నాను. బోర్లా పడుకున్నా, రాత్రంతా ఒకే పక్కకి పడుకున్నా కింద ఉన్న వైపు ఎక్కువ ఉబ్బుతుంది. ఒక్క కన్నే ఉబ్బుతోంది అనే వాళ్ళు ముందు అది చూసుకోండి.

నిద్ర తక్కువైతే కళ్ళు ఉబ్బినట్టు కనిపించడం మన ఊహ కాదు. స్వీడన్‌లో టీనా సుందెలిన్, ఆమె సహచరులు 2013లో ఒక పరిశోధన ప్రచురించారు. పది మందిని బాగా నిద్రపోయాక ఒకసారి, 31 గంటలు మెలకువగా ఉంచాక ఒకసారి ఫోటోలు తీసి, నలభై మందికి చూపించారు. నిద్రలేని ఫోటోల్లో రెప్పలు వాలిపోయి, కళ్ళు ఎర్రగా, ఉబ్బి, కింద నలుపు ఎక్కువగా ఉన్నట్టు చూసిన వాళ్ళు చెప్పారు. అది పూర్తిగా నిద్ర లేని మాట. మనకి జరిగేది రోజుకి గంటా రెండు గంటలు కోత పడటం. పిల్లలు పడుకున్నాక రాత్రి పదిన్నరకి ఇండియాకి ఫోన్ మొదలుపెడితే అక్కడ పొద్దున తొమ్మిది, వాళ్ళకి తీరిక. మనకి తెలియకుండానే పన్నెండు అవుతుంది. నైట్ షిఫ్టులు చేసే నర్సు చెల్లెళ్ళకి ఇంకా కష్టం.

నాలుగో ఆదివారం అక్క మొహంలో వాపు లేదు. నేను ముందే చెప్పినట్టు ఆ వారం దిండూ నిద్ర వేళా రెండూ మారాయి కాబట్టి ఏది ఎంత పని చేసిందో విడదీసి చెప్పలేను. నాలుగు ఆదివారాలు, ఒక్క మనిషి, ఇది పరిశోధన అనిపించుకోదు. కానీ ఆవిడ విషయంలో వరస మాత్రం తెలిసింది. అన్నిటికంటే ఎక్కువ రాత్రి భోజనంలో ఉప్పు, తర్వాత నిద్ర, తర్వాతే వైన్, నీళ్ళు అసలు కాదు. మీ వరస వేరుగా ఉండొచ్చు, అదే పద్ధతిలో మీరూ చూసుకోవచ్చు. ఆ నాలుగు కుటుంబాలూ ఇప్పుడు పాట్‌లక్‌ని శనివారం మధ్యాహ్నానికి మార్చుకున్నారు. ఆవకాయ ఉంది, అప్పడాలు ఉన్నాయి. తిన్నాక సాయంత్రం అంతా నడుస్తూ తిరుగుతూ ఉంటారు కాబట్టి కిడ్నీలకి టైమ్ దొరుకుతుంది. రాత్రికి మజ్జిగన్నం, ఉప్పు లేకుండా.

ఇక ఉప్పు వల్ల కాని వాపు సంగతి. మా అక్క పిన్నిగారిని తలుచుకుని ఇది రాస్తున్నాను.

ఉప్పు వాపుకి రెండు గుర్తులు ఉంటాయి. మధ్యాహ్నానికి తగ్గిపోతుంది, ఉప్పు తగ్గించిన రోజుల్లో రాదు. మీ వాపు రోజూ ఉంటే, మధ్యాహ్నం దాటినా తగ్గకపోతే, మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో పది సెకన్లు నొక్కినప్పుడు గుంట పడి అలాగే ఉంటే, మూత్రంలో నురగ వచ్చి నీళ్ళు పోసినా పోకపోతే ఆ వారంలోనే డాక్టర్‌ని కలవండి. మూత్రంలో ప్రోటీన్ చూడమని అడగండి, చిన్న పరీక్షే. దీంతో పాటు ఆయాసం ఉంటే వారం కూడా ఆగొద్దు, ఆ రోజే వెళ్ళండి. మొహం పిండిముద్దలా ఉబ్బి, నొక్కినా గుంట పడకపోతే, చలి, మలబద్ధకం, జుట్టు రాలడం, అలసట కూడా ఉంటే థైరాయిడ్ చూపించుకోండి. వయసుతో కళ్ళ కింద సంచుల్లా వచ్చేవి వేరు, అవి లోపలి కొవ్వు ముందుకు రావడం వల్ల. సాయంత్రం కూడా అలాగే ఉంటాయి, ఉప్పు మానితే పోవు, జబ్బూ కాదు.

గర్భంతో ఉన్న అమ్మాయిలు, కొత్తగా ప్రసవమైన వాళ్ళు మాత్రం ఇంటి లెక్కలు వెయ్యకండి. ఇరవై వారాలు దాటాక, కాన్పు తర్వాత ఆరు వారాల దాకా, మొహం ఒక్కసారిగా ఉబ్బి, తగ్గని తలనొప్పి, కళ్ళు మసకలు, కుడి పక్క డొక్క కింద నొప్పి, లేదా బీపీ 140/90 దాటడం, వీటిలో ఏది ఉన్నా అది అర్ధరాత్రైనా సరే డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి. "పొద్దున చూద్దాంలే" అనడానికి కుదిరే వాపు కాదది.

చివరిగా మనింటికి వచ్చిన అమ్మానాన్నల గురించి, అత్తమామల గురించి. వాళ్ళు తెచ్చుకున్న బీపీ మాత్రల పేర్లు చూడండి. ఎనాలాప్రిల్, రామిప్రిల్, లిసినోప్రిల్ లాంటి "ప్రిల్" అని ముగిసే మందులు వాడే వాళ్ళల్లో అరుదుగా పెదవులు, నాలుక, మొహం ఉబ్బుతాయి. ఏళ్ళ తరబడి ఏ ఇబ్బందీ లేకుండా వాడిన వాళ్ళకి కూడా రావచ్చు. పెదవులో నాలుకో ఉబ్బినా, గొంతు మారినా, ఊపిరి కష్టమైనా 911 కి ఫోన్ చెయ్యండి. ఆ వాపుకి ఆవకాయతో సంబంధం లేదు, చెంచాలతో పని లేదు. మందు సీసా చేత్తో పట్టుకుని వెళ్ళండి, అక్కడి వాళ్ళు మొదట అడిగేది దాని పేరే.